వడ్డీలో ద్రవ్యోల్బణాన్ని కలిపేది ఎవరు?

ప్రశ్న: మూడేళ్ల బాండు కొన్నాను. ఏడాదికి 8 శాతం చక్రవడ్డీ, మొత్తం చివర్లో ఒకేసారి ఇస్తారు. పోయిన ఏడాది ద్రవ్యోల్బణం 5 శాతం. అంటే నాకు నిజంగా మిగిలేది 3 శాతం అనుకోవచ్చా? ద్రవ్యోల్బణాన్ని వడ్డీలో ముందే కలిపేస్తారని పుస్తకంలో చదివాను. కలిపేది ఎవరు? నన్నయితే ఎవరూ అడగలేదు. ముందే కలిపేస్తే అప్పిచ్చినవాళ్లు నష్టపోవడం ఎలా జరుగుతుంది?

సమాధానం:

మీ రెండో ప్రశ్న ముడి విప్పితే మిగతా రెండూ వాటంతట అవే విడిపోతాయి. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందు డబ్బును కాసేపు పక్కన పెడదాం. మీరు ఒకరికి 100 బస్తాల ధాన్యం అప్పిచ్చారు, ఏడాది తర్వాత 103 బస్తాలు తిరిగి తీసుకున్నారు. మధ్యలో ధాన్యం ధర రెట్టింపు అయినా, సగానికి పడిపోయినా మీకు దాంతో పని లేదు. ఇచ్చినదానికంటే మూడు బస్తాలు ఎక్కువ వచ్చాయి. వస్తువుల్లో కొలిచిన ఈ వడ్డీయే వాస్తవ వడ్డీ. అదే అప్పును డబ్బుల్లో ఇచ్చి డబ్బుల్లో తీసుకుంటే కాగితం మీద రాసుకునే అంకె నామమాత్రపు వడ్డీ. డబ్బుతో వచ్చే చిక్కల్లా ఏమిటంటే, ఇచ్చేటప్పుడు ఒక కొలబద్ద, తీసుకునేటప్పుడు ఇంకో కొలబద్ద. రెండింటి మీదా అంకెలు ఒకేలా ఉంటాయి, కానీ రెండోది కాస్త కురచై ఉంటుంది.

అప్పిచ్చేవాడికి మూడు శాతం వాస్తవ వడ్డీ కావాలి, ధరలు ఏడాదిలో 5 శాతం పెరుగుతాయని అతని అంచనా అనుకుందాం. ఇవాళ 100కి దొరికే సరుకులకు ఏడాది తర్వాత 105 పెట్టాలి. అతనికి కావలసింది అవే సరుకులు కాదు, వాటికి మూడు శాతం ఎక్కువ. అంటే 105కి మూడు శాతం చేర్చాలి, 108.15 అవుతుంది. అందుకే అసలు సూత్రం కూడిక కాదు, గుణకారం:

```
(1 + i) = (1 + r) × (1 + π)
1.0815  =  1.03   ×  1.05
```

ఇక్కడ `i` నామమాత్రపు వడ్డీ, `r` వాస్తవ వడ్డీ, `π` రాబోయే ద్రవ్యోల్బణం మీద అంచనా. మూడూ ఐదూ కలిపితే ఎనిమిది అని నోటితో అనేసుకుంటాం, చిన్న అంకెల దగ్గర ఆ తేడాతో కొంపలేమీ మునగవు. ధరలు ఏడాదికి 50 శాతం పెరిగే చోట మాత్రం మునుగుతాయి. అక్కడ మూడు శాతం వాస్తవ వడ్డీ రావాలంటే 53 చాలదు, 54.5 కావాలి.

ఇప్పుడు కలిపేది ఎవరన్న విషయం. చాలా ఏళ్లు నా పని ప్రభుత్వ బాండ్లు కొనడం, అమ్మడం. ఆ గదిలో "ఇవాళ ద్రవ్యోల్బణానికి ఇంకో శాతం కలపండి" అని ఎవరూ ఎవరితోనూ అనగా నేను వినలేదు. స్క్రీన్ మీద కదిలేది బాండు ధర ఒక్కటే. వడ్డీ దాని నీడలాంటిది.

ఏడాది తర్వాత 108.15 చెల్లిస్తామని రాసిచ్చిన బాండు ఒకటి ఉందనుకోండి. ధరలు 5 శాతం పెరుగుతాయని అందరూ అనుకుంటున్నంతకాలం అది 100కి అమ్ముడవుతుంది. ఒకరోజు పొద్దున ఏదో వార్త వచ్చింది, ధరలు 5 కాదు 8 శాతం పెరిగేలా ఉన్నాయని జనం అనుకోవడం మొదలైంది. బాండు మీద రాసిన 108.15 మారదు. కానీ 100 పెట్టడానికి ఇప్పుడు ఎవరూ ముందుకు రారు. వాళ్లకు కావలసింది 1.03ని 1.08తో గుణిస్తే వచ్చే 11.24 శాతం. 108.15ని 1.1124తో భాగిస్తే 97.22. ధర అక్కడిదాకా దిగితేగానీ కొనేవాళ్లు రారు. ఎవరూ వడ్డీ పెంచలేదు, ఎవరూ ఏమీ కలపలేదు. ధర 2.78 తగ్గింది, అంతే. మర్నాడు కొత్తగా అప్పు చేయడానికి వచ్చినవాడు పాత బాండుతో పోటీ పడాలి కాబట్టి 11 శాతానికి పైనే ఇస్తానంటేగానీ అతనికి డబ్బు పుట్టదు. బ్యాంకులు డిపాజిట్ల మీద ఇచ్చే రేట్లు ఆ వెనకాల మెల్లగా నడుస్తాయి. మిమ్మల్ని ఎవరూ అడగలేదన్నారు కదా, నిజమే. మీకంటే ముందు ఆ బాండు వద్దని వెళ్లిపోయినవాళ్లే మీ తరఫున బేరమాడారు.

అయితే ఇది సగం కథే. పుస్తకాల్లో ఎక్కువగా "అప్పిచ్చేవాళ్లు కోరే అదనపు రాబడి" అని రాస్తారు కాబట్టి, మనకు అప్పు తీసుకునేవాడు కనిపించడు. ఎంత కావాలని కోరినా, ఇచ్చేవాడు ఉండాలి కదా. అతను ఎందుకు ఒప్పుకుంటాడో కూడా చూడాలి.

ఒక వ్యాపారి 100 అప్పు తెచ్చి సరుకు కొని, ఏడాది ఉంచి అమ్ముతాడు. ధరలు కదలని రోజుల్లో ఆ సరుకు 105కి పోతుంది. అప్పు మూడు శాతానికి తెచ్చాడు కాబట్టి 103 కట్టి, 2 మిగుల్చుకుంటాడు. ఇప్పుడు అన్నిటి ధరలూ 5 శాతం పెరుగుతాయని తెలిసింది. సరుకు 110.25కి అమ్ముడవుతుంది. వడ్డీ ఇంకా మూడు శాతమే అయితే 103 కట్టాక 7.25 మిగులుతుంది. అలాంటి అవకాశాన్ని ఎవరు వదులుకుంటారు? అతనూ, అతన్ని చూసి పక్కవాళ్లూ, ఇంకా ఇంకా అప్పు కోసం ఎగబడతారు. ఆ తొక్కిసలాటలో వడ్డీ పెరుగుతుంది. ఎందాకా? 8.15 దాకా. అక్కడ 108.15 కడితే అతనికి మిగిలేది 2.10. పెరిగిన ధరల్లో అది పాత రోజుల 2కి సరిగ్గా సమానం. అంటే ఎక్కువ వడ్డీ కట్టి కూడా అతను ఏమీ నష్టపోలేదు. అప్పిచ్చేవాడు వెనక్కి తగ్గడం ఒక పక్క, తీసుకునేవాడు ముందుకు తోయడం ఇంకో పక్క. ఇద్దరి అంచనా ఒకటే అయినప్పుడే ద్రవ్యోల్బణం వడ్డీలో పూర్తిగా చేరుతుంది. అప్పిచ్చేవాడు ఒక్కడే 8 శాతం అనుకుని, తీసుకునేవాడు 5 దగ్గరే ఉంటే, వడ్డీ మధ్యలో ఎక్కడో ఆగుతుంది, కొన్ని అప్పులు అసలు పుట్టనే పుట్టవు.

ఈ ఆలోచనకు ఇర్వింగ్ ఫిషర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పేరే పెట్టారు. 1896లో ఆయన దీన్ని పరీక్షించిన తీరు నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. అప్పట్లో భారత ప్రభుత్వ బాండ్లు రెండు రకాలవి లండన్‌లో అమ్ముడయ్యేవి. ఒకదాని వడ్డీ బంగారం మీద ఆధారపడిన పౌండ్లలో, రెండోదానిది వెండి రూపాయల్లో. అప్పు చేసింది ఒకే ప్రభుత్వం, బాండ్లు అమ్మేది ఒకే బజారు, కొలబద్దలు మాత్రం రెండు. 1870ల నుంచి బంగారంతో పోలిస్తే వెండి విలువ పడిపోతూ వచ్చింది. వెండి ఇంకా పడుతుందని కొనేవాళ్లు అనుకుంటే రూపాయి బాండు మీద వాళ్లు ఎక్కువ రాబడి అడగాలి. అలాగే అడిగారు, రెండింటి రాబడుల మధ్య తేడా వచ్చింది. ఎగవేత భయమా, ఇంకేదైనా కారణమా అని అనుమానించడానికి కూడా వీల్లేకుండా ఉంది ఆ పోలిక. కానీ ఆ తేడా, చివరికి వెండి నిజంగా పడినంత లేదు. జనం దిశను పట్టుకున్నారు, దూరాన్ని పట్టుకోలేకపోయారు. మీ మూడో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

వడ్డీలో చేరేది ద్రవ్యోల్బణం కాదు, ద్రవ్యోల్బణం మీద అప్పు ఇచ్చిన రోజున ఉన్న అంచనా. కాగితం మీద సంతకం అయిన క్షణంలో అది గడ్డకట్టుకుపోతుంది. తర్వాత ధరలు మాత్రం తమ దారిన తాము పోతాయి. 8.15 శాతానికి ఇచ్చినవాడికి ఆ ఏడాది ధరలు 9 శాతం పెరిగితే, 1.0815ని 1.09తో భాగించండి. 0.992 వస్తుంది. మూడు శాతం సంపాదిద్దామని వచ్చినవాడు ముప్పావు శాతం పైగా పోగొట్టుకున్నాడు. అదే ధరలు 2 శాతమే పెరిగితే అతనికి 6 శాతం వాస్తవ రాబడి వస్తుంది, అప్పు తీసుకున్నవాడి నడుం విరుగుతుంది. అందుకే వాస్తవ వడ్డీ అని ఒకే మాట వాడినా అవి నిజానికి రెండు. అప్పు ఇచ్చేరోజు మనసులో ఉండేది ఒకటి, తీరినరోజు లెక్కలో తేలేది ఇంకొకటి. మొదటిదాన్ని ఎవరూ కళ్లతో చూడలేరు. రెండోది తెలిసేసరికి చేయగలిగింది ఏమీ ఉండదు.

ఈ రెండూ ఎంత దూరం జరిగిపోగలవో అమెరికా చరిత్రలో చూడొచ్చు. 1965లో అక్కడి ప్రభుత్వ పదేళ్ల బాండు మీద 4 శాతానికి కాస్త పైన వచ్చేది. అంతకుముందు కొన్నేళ్లుగా ధరలు ఏడాదికి ఒకటి రెండు శాతానికి మించి పెరగలేదు కాబట్టి, కొన్నవాళ్లకు అది చక్కటి బేరమే. తర్వాతి పదేళ్లలో ధరల సూచీ 31.5 నుంచి 53.8కి ఎక్కింది, అంటే ఏడాదికి సుమారు ఐదున్నర శాతం. వడ్డీ అంతా పువ్వుల్లో పెట్టి ఇచ్చినా, చేతికొచ్చింది ఇచ్చినదానికంటే తక్కువ. ఎవరూ ఎగ్గొట్టలేదు, ఒక్క వాయిదా తప్పలేదు. అయినా అసలు కరిగిపోయింది.

ఇక దెబ్బ తిన్నవాళ్లు ఏం చేస్తారు? 1980లో అక్కడ ద్రవ్యోల్బణం 13.5 శాతం. వోల్కర్ నడుపుతున్న కేంద్ర బ్యాంకు దాన్ని అణచడానికి స్వల్పకాలిక రేట్లను విపరీతంగా పెంచింది. కానీ ధరలు నిజంగానే దిగుతాయని బాండ్లు కొనేవాళ్లు నమ్మలేదు. అప్పటికి పదిహేనేళ్లుగా ప్రతి వాగ్దానం వమ్మవడమే చూశారు మరి. 1981 సెప్టెంబరు చివరికి పదేళ్ల బాండు రాబడి 15.8 శాతం దాటింది. అప్పటికే ద్రవ్యోల్బణం దిగడం మొదలైంది, 1983 నాటికి 3.2 శాతానికి వచ్చేసింది. 1981 నుంచి 1991 దాకా చూస్తే ధరలు సగటున ఏడాదికి 4 శాతం చొప్పునే పెరిగాయి. అందరూ వణుకుతున్నప్పుడు ఆ బాండు కొన్నవాడికి ఏడాదికి పది శాతానికి పైగా వాస్తవ రాబడి. ఆ రేటుకు అప్పు తీసుకున్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. 1965లో కొన్నవాళ్లూ, 1981లో వద్దన్నవాళ్లూ చేసిన తప్పు ఒకటే: గడిచిన ధరల్ని చూసి రాబోయే ధరల్ని ఊహించుకున్నారు. వాళ్లను తప్పుపట్టడం కూడా కష్టమే. ఇంకేం చూసి ఊహిస్తారు? ధరల మార్పు వడ్డీలోకి ఇంకడానికి ఏళ్లు పడుతుందని తర్వాతి రోజుల్లో ఫిషరే లెక్కకట్టి రాశారు.

అందుకే "ద్రవ్యోల్బణం ఒక శాతం పెరిగితే వడ్డీ కూడా ఒక శాతం పెరుగుతుంది" అనే వాక్యాన్ని నేను కాస్త అనుమానంగానే చూస్తాను. దీర్ఘకాలంలో అది దారి చూపిస్తుంది, ఏ ఒక్క ఏడాదికీ హామీ ఇవ్వదు. స్వల్పకాలిక రేట్లయితే కేంద్ర బ్యాంకు చేతిలో ఉంటాయి. ద్రవ్యోల్బణం అంచనా పెరుగుతున్నా అది రేటును కదల్చకుండా కూర్చుంటే, పెరుగుదల వడ్డీలో చేరదు, ఆ మేరకు వాస్తవ వడ్డీయే దిగిపోతుంది. పన్ను ఇంకో మెలిక. పన్ను వేసేది నామమాత్రపు వడ్డీ మీద. 8.15లో 30 శాతం పన్ను పోతే చేతికొచ్చేది 5.7, ధరలు 5 శాతం పెరిగితే మిగిలేది ముప్పావు శాతం కూడా కాదు. అంటే ఆ ఐదు శాతం లాభం కాదు, అసలు అరిగినందుకు ఇచ్చిన పరిహారం, అయినా దాని మీదా పన్ను కట్టాలి. ధరలు కదలకుండా వడ్డీ మూడు శాతం ఉండి ఉంటే, పన్ను పోగా 2.1 మిగిలేది. ఆ 2.1 కాపాడుకోవాలంటే అప్పిచ్చేవాడు 8.15 కాదు, 10.3 అడగాలి. అడిగినంతా దొరుకుతుందని కాదు. అందుకే పన్ను కట్టేవాళ్లకు ద్రవ్యోల్బణం పూర్తిగా అంచనాకు అందినా దెబ్బే.

మరి రాబోయే ద్రవ్యోల్బణం గురించి బజారు ఏమనుకుంటోందో తెలుసుకునే దారి ఉందా అంటే, కొన్ని దేశాల్లో ఉంది. బ్రిటన్ 1981 నుంచి, అమెరికా 1997 నుంచి ధరల సూచీకి కట్టిన బాండ్లు అమ్ముతున్నాయి. ధరలు పెరిగినకొద్దీ వాటి అసలు కూడా పెరుగుతుంది కాబట్టి, వాటి మీద వచ్చే రాబడి దాదాపు మన ధాన్యం అప్పు లాంటిదే. పదేళ్ల మామూలు బాండు మీద 4.3 శాతం, పదేళ్ల సూచీ బాండు మీద 2 శాతం ఉంటే, మధ్యలో ఉన్న 2.3 శాతం బజారు ఊహిస్తున్న ద్రవ్యోల్బణం అని చెబుతారు. రోజూ పొద్దున నేను మొదట చూసిన అంకె అదే. కానీ దాన్ని అక్షరాలా నమ్మకూడదు. మామూలు బాండు కొన్నవాడు అంచనా తప్పుతుందేమోనన్న భయానికి కూడా కొంత అడుగుతాడు, ఆ కొంత ఈ 2.3లో కలిసే ఉంటుంది. 1981లో అడిగిన 15.8లోనూ ఈ భయం వాటా తక్కువేమీ కాదని నా అభిప్రాయం. ఇంకో పక్క, సూచీ బాండ్లు అమ్ముకోవడం మామూలు బాండ్లంత తేలిక కాదు, అందుకు కొనేవాళ్లు కాస్త ఎక్కువ రాబడి కోరతారు, అది ఈ తేడాను తగ్గిస్తుంది. 2008 చివర్లో అందరూ నగదు కోసం పరిగెత్తినప్పుడు అమెరికాలో ఐదేళ్ల తేడా సున్నా కిందికి దిగింది. ఐదేళ్ల పాటు ధరలు తగ్గుతాయని బజారు నమ్మినట్టు లెక్క! తర్వాతి ఐదేళ్లలో అక్కడ ధరలు ఏడాదికి సుమారు 2 శాతం చొప్పున పెరిగాయి. ఆ రోజుల్లో ఆ అంకె చెప్పింది ద్రవ్యోల్బణం గురించి కాదు, సూచీ బాండ్లు కొనే నాథుడు లేడన్న సంగతి. ఇలాంటిది ఎలా పసిగట్టాలంటే, ఆ తేడా ఒక్కసారిగా దూకినప్పుడు రెండు బాండ్లలో ఏది కదిలిందో చూడాలి. మామూలు బాండు నిలకడగా ఉండి సూచీ బాండు ఒక్కటే కుప్పకూలితే, అది అంచనా మారడం కంటే అమ్ముడుపోని తిప్పలయ్యే అవకాశమే ఎక్కువ.

ఇక మీ బాండు. మీరు 8లోంచి 5 తీసేశారు. ఆ 5 పోయిన ఏడాదిది, ఆ 8 రాబోయే మూడేళ్లది. వేరే వేరే కాలాల అంకెల్ని కలిపి లెక్క వేశారు. రాబోయే మూడేళ్లూ ధరలు 5 శాతం చొప్పునే పెరిగితే మీకు ఏడాదికి 2.86 శాతం మిగులుతుంది, మీరనుకున్న మూడుకు దగ్గరే. కానీ ధరలు వరసగా 5, 7, 9 శాతం పెరిగాయనుకోండి. 100 కాస్తా మూడేళ్లలో 125.97 అవుతుంది, అదే సమయంలో 100కి దొరికే సరుకులు 122.46 అవుతాయి. భాగిస్తే 1.0287. అంటే ఒక్క ఏడాదికి వస్తుందనుకున్నది మీకు మూడేళ్లకు కలిపి వచ్చింది, ఏడాదికి ఒక శాతం కూడా పడలేదు. అదే ధరలు 5, 3, 2 చొప్పున చల్లబడితే ఏడాదికి నాలుగున్నర శాతం. మీ చేతికొచ్చే కాగితం మూడు సందర్భాల్లోనూ ఒకటే, దాని మీద అంకె కూడా 125.97 అనే ఉంటుంది. ఇప్పుడు మీరు వేసుకోవలసిన లెక్క పోయిన ఏడాది ద్రవ్యోల్బణంతో కాదు. ఈ మూడేళ్లలో ధరలు ఏడాదికి ఎంత శాతం పెరుగుతాయని మీ అంచనానో ఒక కాగితం మీద రాసుకుని, 5 శాతమైతే 1.05 అన్నట్టుగా మార్చి, 1.08ని దాంతో భాగించి చూడండి. ఆ అంచనా 8 దాకా వెళ్తోందంటే, మీకు ఈ బాండు అమ్మినవాడు కూడా అలాగే అనుకుని ఉండొచ్చు.